మెట్ల లైటే చెప్పింది జవాబు

డిప్లొమా చదివే మా మేనకోడలు ఎక్స్-ఆర్ గేటు ట్రూత్ టేబుల్‌లో చివరి వరుస ఎప్పుడూ తప్పేది. మా మేడమెట్ల లైటు దగ్గరికి తీసుకెళ్లాను. కింద స్విచ్ A, పైన స్విచ్ B. స్విచ్ కిందికుంటే 0, పైకుంటే 1. రెండూ 0లో ఉన్నప్పుడు లైటు వెలగదు.

సూత్రం Y = A'B + AB'. నేరుగా Y రాయకుండా, ఒక్కో ముక్కకూ ఒక్కో నిలువు వరుస గీయమన్నాను. A 0, B 1 అయితేనే A'B 1 అవుతుంది. AB' దీనికి తిరగేసినట్టు. ఈ రెండింట్లో ఏదో ఒకటి 1 అయితే Y 1.

```
A B  A'B  AB'  Y
0 0   0    0   0
0 1   1    0   1
1 0   0    1   1
1 1   0    0   0
```

"మామయ్యా, చివర్లో నేను 1 వేసేదాన్ని!"

"అది ఆర్ గేటమ్మా. రెండు స్విచ్‌లూ పైకి వేసి చూడు."

వేసింది. లైటు ఆరిపోయింది.