జనసమ్మర్దంలో ఒత్తిడి ఉప్పెన: సంఘటన నివేదికలో వర్ణించే విధానం

ఉపోద్ఘాతం

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న భక్తులలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం న్యాయ విచారణకు ఆదేశించింది. మరునాటి వార్తలన్నింటిలోనూ కనిపించిన మాట 'తొక్కిసలాట'. అంతకుముందు, 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద జరిగిన విషాదానికీ ఇదే మాట వాడారు.

వార్తకు ఈ మాట సరిపోవచ్చు. నిర్వాహకులకూ అధికారులకూ ఇచ్చే నివేదికకు మాత్రం సరిపోదు. 'తొక్కిసలాట' అనగానే జనం పరుగెత్తి, ఒకరినొకరు తొక్కుకున్న దృశ్యం మన మనస్సులో మెదులుతుంది. తప్పు జనానిదే అన్న భావన అందులో ముందుగానే చేరిపోతుంది. 'భక్తులు ఒక్కసారిగా ఎగబడ్డారు' అని రాసిన తరువాత, ద్వారం వెడల్పు ఎంత అని అడిగేవారు ఉండరు. ఇటువంటి సంఘటనను కారణం బయటపడేలా ఎలా వర్ణించాలో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుంటారు.

1. ఒత్తిడి ఎలా పుడుతుంది?

జనసాంద్రతను ఒక చదరపు మీటరులో ఎంతమంది నిలబడి ఉన్నారన్న లెక్కతో చెబుతాం. చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు ఉన్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. నలుగురైతే జాగ్రత్తపడాలి. అయిదుగురు దాటితే ప్రమాద స్థితిగా భావించాలి. ఏడుగురికి చేరినప్పుడు జనం దాదాపు ఒక ద్రవపదార్థంలా ప్రవర్తిస్తారని జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు వివరించాడు. అప్పుడు వెనుక ఎవరో ఒక్క అడుగు వేసినా ఆ తోపు అలలాగా ముందుకు పాకుతుంది. దీనినే మనం ఇక్కడ 'ఒత్తిడి ఉప్పెన' అంటున్నాం.

ఈ దశలో మరణానికి ముఖ్య కారణం కాళ్లకింద నలగడం కాదు. నాలుగువైపుల నుంచి ఒత్తిడి పడి ఛాతీ విచ్చుకోలేక ఊపిరి ఆగిపోవడం. నిలబడి ఉండగానే స్పృహ తప్పినవారు ఉంటారు. ఒకరు కూలితే ఆ ఖాళీలోకి పక్కవారు ఒరిగి, ఒకరిపై ఒకరు పడతారు. వెనుకనున్నవారికి ఇదేమీ కనబడదు. ద్వారం తెరుచుకుందేమో అనుకుని వారు మరో అడుగు ముందుకు వేస్తారు. కనుక వారిని 'నిర్లక్ష్యంగా తోశారు' అనడం సరికాదు.

కొలవడానికి వీలులేనిచోట కింది గుర్తులు సాంద్రతను తెలియజేస్తాయి: చేతులు పైకెత్తితే మళ్లీ దించలేకపోవడం, తలల వరుస గాలికి ఊగే వరిచేనులా ఒకే దిక్కుకు ఊగడం, పిల్లలను తలల మీదుగా బయటికి అందించడం, ఆడుగు వేయకుండానే మనిషి స్థానం మారడం. ఇవి ఏ సమయంలో, ఎక్కడ కనిపించాయో నివేదికలో తప్పక చేర్చాలి.

2. లెక్కతో ఒక ఉదాహరణ

అభ్యాసం కోసం ఒక ఆలయ ఉత్సవాన్ని ఊహించుకుందాం. ఉత్తర ద్వారం ముందు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఆవరణ ఉంది. అంటే 200 చదరపు మీటర్లు. ద్వారం వెడల్పు 2.4 మీటర్లు. సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు ఆవరణలో సుమారు 400 మంది ఉన్నారు. రోడ్డుపై ఉన్న సీసీ కెమెరాలో లెక్కిస్తే నిమిషానికి 200 మంది లోపలికి వస్తున్నారు.

సమతలంపై ఒక మీటరు వెడల్పుగల దారిలో నిమిషానికి గరిష్ఠంగా 82 మంది నడవగలరని బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే మార్గదర్శిని చెబుతుంది. ఆ ప్రకారం 2.4 మీటర్ల ద్వారం నుంచి నిమిషానికి సుమారు 197 మంది వెళ్లగలరు. వచ్చేవారూ వెళ్లేవారూ దాదాపు సమానం కాబట్టి ఆవరణలో జనం పెరగరు.

సరిగ్గా 6.10కి, వి.ఐ.పి. వాహనం కోసమని ద్వారం ఒక రెక్క మూశారనుకుందాం. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గింది. నిమిషానికి సుమారు 100 మందే వెళ్లగలరు. మిగిలిన 100 మంది ఆవరణలోనే నిలిచిపోతారు. 6.14కి ఆవరణలో 800 మంది, అంటే చదరపు మీటరుకు నలుగురు. 6.16కి అయిదుగురు. 6.20కి ఏడుగురు.

ఈ లెక్క రెండు విషయాలు చెబుతుంది. ఎవరూ పరుగెత్తకుండానే, పది నిమిషాలలో ప్రాణాపాయ స్థితి ఏర్పడింది. జాగ్రత్త పడవలసిన స్థాయికీ ప్రాణాపాయ స్థాయికీ మధ్య నిర్వాహకులకు దొరికిన వ్యవధి ఆరు నిమిషాలు. ఆ వ్యవధిలో చేయవలసిన పని ద్వారం వద్ద జనాన్ని వెనక్కు నెట్టడం కాదు. రోడ్డు మీదనే రాకను ఆపడం.

వాస్తవంలో జనం ద్వారం వద్ద ఇరుక్కున్నప్పుడు నిమిషానికి 100 మంది కూడా వెళ్లలేరు. జనం ఆవరణంతటా సమానంగా కూడా నిలబడరు. ద్వారం దగ్గర సాంద్రత ఎప్పుడూ ఎక్కువ. కనుక ద్వారం ముందు ప్రమాదం మన లెక్క కన్నా ముందే వస్తుంది.

3. నివేదికలోని వాక్యాలు

ఇదే సంఘటనను ఇలా రాశారనుకోండి: "భక్తుల రద్దీ ఊహించని విధంగా పెరిగి, ఆత్రుతతో తోసుకోవడంవల్ల తొక్కిసలాట జరిగింది." ఇందులో సమయం లేదు, స్థలం లేదు, కొలత లేదు. దీనిని చదివిన అధికారి మరుసటి సంవత్సరం మార్చగలిగినది ఏమీ లేదు.

దీనికి బదులు ఇలా రాయాలి: "సా. 6.10కి ఉత్తర ద్వారం తూర్పు రెక్క మూశారు. దారి వెడల్పు 2.4 మీ. నుంచి 1.2 మీ.కు తగ్గింది. రోడ్డు నుంచి రాక నిమిషానికి సుమారు 200 చొప్పున కొనసాగింది. 6.17కి తలల వరుస ఊగడం రెండవ కెమెరాలో కనిపిస్తుంది. 6.19కి ద్వారానికి 3 మీ. దూరంలో మొదటి వ్యక్తి పడిపోయారు. రాకను 6.24కి రోడ్డుపై నిలిపివేశారు."

రెండవ వర్ణనలో ఎవరినీ నిందించలేదు. అయినా రెక్క ఎవరి ఆదేశంతో మూశారు, 6.17కి కెమెరాను ఎవరు చూస్తున్నారు, రాకను ఆపడానికి 14 నిమిషాలు ఎందుకు పట్టింది అన్న ప్రశ్నలు వాటంతటవే లేస్తాయి.

4. ఆధారాల పరిమితులు

చూసినది, విన్నది, లెక్కగట్టినది వేర్వేరుగా రాయాలి. నేలమట్టంలో తీసిన సెల్‌ఫోన్ వీడియోలో తలలు ఒకదాని వెనుక ఒకటి కలిసిపోయి జనం ఉన్నదానికన్నా దట్టంగా కనిపిస్తారు; సాంద్రత అంచనాకు ఎత్తునుంచి తీసిన చిత్రమే మేలు. కెమెరా గడియారాలలో తేడా ఉండవచ్చు కాబట్టి, రెండింటిలోనూ కనిపించే ఒకే ఘటనతో సమయాన్ని సరిచూడాలి. ప్రత్యక్షసాక్షులు ఒత్తిడి వచ్చిన దిక్కును బాగా చెప్పగలరు. అది ఎంతసేపు ఉన్నదో చెప్పడంలో పొరపడతారు. సాంద్రతను ఒకే అంకెగా కాక 'ఆరు నుంచి ఏడుగురు' అని అవధిగా చూపాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'తొక్కిసలాట' అనే పదం నివేదికలో ఎందుకు సరిపోదు?

2. 150 చదరపు మీటర్ల ఆవరణలో 300 మంది ఉన్నారు. నిమిషానికి 142 మంది వస్తుండగా 82 మంది వెళ్తున్నారు. సాంద్రత అయిదుకు ఎప్పుడు చేరుతుంది?

(రెండవ ప్రశ్నకు సూచన: నిమిషానికి 60 మంది పెరుగుతారు. 750 మందికి చేరడానికి ఇంకా 450 మంది కావాలి. జవాబు: ఏడున్నర నిమిషాలు.)