బాకీ అడిగే ఫ్రెంచ్ ఈమెయిల్

ప్యారిస్‌లో ఒక చిన్న సంస్థ మార్చి 3న పంపిన బిల్లుకు ఏప్రిల్ సగమైనా డబ్బు రాలేదనుకుందాం. అకౌంటెంట్ రాసే మొదటి ఈమెయిల్ తరచూ ఇలా ఉంటుంది: "సోఫ్ ఎరర్ ద మా పార్, ఆ బిల్లు ఇంకా చెల్లించలేదు." నా వైపు పొరపాటు లేకపోతే, అని అర్థం. ఆమెకు అనుమానం ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. బ్యాంకు ఖాతా చూసుకున్నాకే ఈ మాట రాస్తారు. అవతలివాళ్లు నిన్ననే కట్టేసి ఉంటే ఇద్దరి పరువూ నిలుస్తుంది, అంతే.

"ఇల్ సాంబ్లరే క" అలా కాదు. "సరుకు ఆలస్యమైనట్టు తెలుస్తోంది" అనే ధోరణి దానిది. అందులోని క్రియ షరతు రూపంలో ఉంటుంది కాబట్టి, ఆ సమాచారానికి పూచీ రాసినవారిది కాదని చదివేవారు గ్రహిస్తారు. "మీరు అటాచ్‌మెంట్ మరిచినట్టున్నారు" అని తప్పు ఎత్తిచూపేటప్పుడూ ఇదే వాడతారు, నింద కాస్త మెత్తబడుతుంది. కానీ మన లెక్కే తప్పితే ఈ మాట అస్సలు పనికిరాదు. "నా రిపోర్టులో పొరపాటు జరిగినట్టుంది" అంటే తప్పించుకుంటున్నట్టే వినిపిస్తుంది. అక్కడ "నేను తప్పు చేశాను" అని నేరుగా రాయడమే మేలు.

రిమైండర్లకూ డబ్బు రాకపోతే తర్వాతిది "మీజాన్ దమర్", అంటే చట్టపరమైన నోటీసు. అందులో బాకీ ఎంతో, ఎన్ని రోజుల్లో కట్టాలో సూటిగా రాస్తారు. "ఇల్ సాంబ్లరే క" లాంటి మాటకు అక్కడ చోటుండదు.