నేత చీర తొలి ఉతుకు

చీరాల నుంచి వచ్చిన నూలు చీర అది. ఒళ్లంతా పసుపుపచ్చ, రెండు పక్కలా మెరూన్ అంచు, జరీ లేదు. మనవరాలు దాన్ని మిగతా బట్టలతో కలిపి మెషీన్‌లో వేయబోతుంటే అమ్మమ్మ ఆపింది. "ముందు తెల్లగుడ్డ ముక్క తడిపి పట్రా" అంది.

ఆ తడిగుడ్డను అంచు మీద వేసి, అయిదు నిమిషాలు అరచేత్తో అదిమి పట్టించింది. తీసి చూస్తే గుడ్డకు లేత ఎరుపు అంటింది. పసుపు మీద అలాగే చేస్తే ఏమీ అంటలేదు. "చూశావా? కారేది ఒళ్లు కాదు, అంచు. మనం కాపలా కాయాల్సింది అంచును కాదు, దాని పక్కనున్న పసుపును."

అంచు ఎందుకు కారుతుంది? నేత చీరకు రంగు వేసేది బట్టకు కాదు, నూలుకు. మగ్గం ఎక్కకముందే నూలు చిలపలను రంగునీళ్లలో ముంచి తీస్తారు. దారం లోపలికి దిగి పట్టుకున్న రంగు కాక, పైపైన అంటుకున్న రంగు కూడా కొంత ఉంటుంది. అద్దకం తర్వాత చిలపలను బాగా జాడిస్తే అది అక్కడే పోతుంది. సరిగా జాడించకపోతే చీరతోపాటు మనింటికి వస్తుంది. ఎరుపు, మెరూన్, నల్లటి నీలం వంటి ముదురు రంగుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అరబకెట్ చన్నీళ్లలో గుప్పెడు కల్లుప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలిపారు. ఉప్పు రంగును దారానికి శాశ్వతంగా కట్టేస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. పైపై రంగుల్లో చాలావరకు ఉప్పునీళ్లలో మంచినీళ్లలోకంటే తక్కువగా కరుగుతాయి. అందుకని రంగు ఒక్కసారిగా బయటపడి పసుపును ముంచెత్తదు. ఉప్పుతో జరిగేది అంతే.

చీర ముంచగానే నీళ్లు తెల్లగా మసకబారాయి. మనవరాలు కంగారుపడింది. "అది రంగు కాదే, నేతకోసం నూలుకు పట్టించిన గంజి. ఎర్రబడితేనే రంగు" అని అమ్మమ్మ చెప్పింది. పది నిమిషాలు కాగానే చీర తీసేశారు. రాత్రంతా నానబెడితే మురికి బాగా వదులుతుందనుకుంటారు గానీ, కదలని నీళ్లలో ఊరిన రంగు పక్కనే ఉన్న లేత రంగు దారాన్ని పట్టుకుంటుంది.

ఉతకడానికి కుంకుడు రసం వాడారు. ఎనిమిది కాయల గింజలు తీసి, తొక్కలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టారు. బట్టల సబ్బులో, చాకలి సోడాలో ఉండే క్షారం వదులుగా ఉన్న రంగును ఇంకా వదులు చేస్తుంది. కుంకుడులో ఆ క్షారం లేదు. తెల్ల చీరకు మాత్రం కుంకుడు రసం కాస్త గోధుమ ఛాయ తెస్తుంది కాబట్టి దానికి మెత్తటి ద్రవ సబ్బే మేలు. బ్రష్‌తో రుద్దలేదు, బండకు బాదలేదు. రసం కలిపిన నీళ్లలో ముంచి లేపుతూ, మురికి పట్టే కుచ్చిళ్ల అడుగుభాగాన్ని మాత్రం వేళ్లతో నలిపారు. తర్వాత నీళ్లు మార్చి మార్చి, తేటగా వచ్చేదాకా జాడించారు.

అసలు ప్రమాదం దీని తర్వాతే. ఉతికిన చీరను ముద్దగా బకెట్‌లో వదిలేసి ఫోన్ చూసుకుంటే, అంచు ఆనిన చోటల్లా పసుపు మీద ఎర్రటి మరకలు తేలతాయి. అలా అంటినా, తడి ఆరకముందే చూస్తే మళ్లీ బోలెడు నీళ్లలో జాడించి చాలావరకు వదిలించవచ్చు. ఆరిపోయాక వదలదు. అందుకే మెలిపెట్టకుండా నీళ్లు ఓడ్చి, చీరను వెంటనే దండెం మీద పొర మీద పొర పడకుండా పరిచి, లోపలివైపు బయటికి తిప్పి, గాలి ఆడే నీడలో ఆరేశారు. తీవ్రమైన ఎండ రంగు కణాలనే విరగ్గొడుతుంది. దారం రంగును ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ నష్టం ఆగదు.

గంజి పెట్టాలంటే పలచగా, గుడ్డలో వడకట్టి పెట్టాలి. చిక్కటి గంజి ముదురు రంగుల మీద తెల్లటి చారలు వదులుతుంది, మడతల దగ్గర నూలును పెళుసు చేస్తుంది. నెలల తరబడి బీరువాలో ఉంచే చీరకు అసలు గంజే వద్దు. గంజి వాసనకు పురుగులు వస్తాయి.

రెండో ఉతుకుకు ముందూ అదే తెల్లగుడ్డ పరీక్ష. మరక లేతబడితే చీర దారిలో పడినట్టే. నాలుగైదు ఉతుకుల తర్వాతా అదే ముదురుగా అంటుతుంటే ఆ లోపం అద్దకంలోనే ఉంది, ఇంట్లో ఏం చేసినా తీరదు. అలాంటి చీరను ఎప్పటికీ విడిగానే ఉతుక్కోవాలి. "ఈసారి కొనేటప్పుడు కొట్లోనే తడి రుమాలుతో అంచు రుద్ది చూడవే. కొట్టువాడు వద్దంటే వేరే చీర చూసుకో" అంది అమ్మమ్మ.