మత్తు దిగని దగ్గుమందు

మెడికల్ షాపుకెళ్లి దగ్గుమందు అడిగితే షాపతను సాధారణంగా అడిగేది ఒకటే ప్రశ్న: "పొడి దగ్గా, కఫమా?" పొడి దగ్గు అంటే చేతికొచ్చే సీసాల్లో చాలావాటిలో ఉండేది డెక్స్‌ట్రోమెథార్ఫాన్. నోరు తిరగని పేరు కాబట్టి కంపెనీలు బ్రాండు పేరు చివర డి అనో, డిఎక్స్ అనో తగిలించి ఊరుకుంటాయి. "రోజూ వాడే మాత్రలేమైనా ఉన్నాయా?" అన్న రెండో ప్రశ్న చాలాచోట్ల వినపడదు. ఒకవేళ అడిగినా బీపీకి, షుగరుకు వాడేవి చెబుతాం. దిగులుకో, ఆందోళనకో వేసుకునే మాత్ర సంగతి నలుగురు నిలబడిన కౌంటర్ దగ్గర ఎవరు చెబుతారు? ఈ మందు విషయంలో చెప్పాల్సింది ముందుగా ఆ మాత్ర గురించే.

సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూద్దాం. 5 మిల్లీలీటర్లలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ 10 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమిన్ 2, ఫినైలెఫ్రిన్ 5. మన దగ్గర తరచు కనిపించే కూర్పు ఇది. మామూలు మోతాదు తాగినప్పుడు కళ్లు మూతలు పడటానికి ముఖ్య కారణం దగ్గును ఆపే మందు కాదు, దాని పక్కన ఉన్న క్లోర్‌ఫెనిరమిన్. జలుబుకు ఇచ్చే పాతకాలపు అలర్జీ మందు అది. పెద్దవాళ్ల ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఒక రోజు పట్టొచ్చు. రాత్రి తాగితే పొద్దున బండి తీసేటప్పుడు కూడా తల దిమ్ముగా ఉండేది అందుకే. వయసు మళ్లినవాళ్లు అర్ధరాత్రి బాత్‌రూముకని లేచి తూలి పడటంలో దీని పాత్ర చిన్నది కాదు. "మత్తు రాని దగ్గుమందు ఇవ్వండి" అని అడిగి ఇదే తెచ్చుకునేవాళ్లు చాలామంది. వాళ్ల ఉద్దేశం కోడీన్ లేనిది అని. కోడీన్ లేనంత మాత్రాన మత్తు లేనట్టు కాదు.

ఇక డెక్స్‌ట్రోమెథార్ఫాన్. అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీన్ని 1958లో అనుమతించింది. మెదడు కింది భాగంలో దగ్గును నడిపించే కేంద్రాన్ని ఇది కాస్త మందగింపజేస్తుంది. రసాయన నిర్మాణంలో మార్ఫిన్ కుటుంబానికి చుట్టమే అయినా, మామూలు మోతాదులో ఆ కుటుంబపు గుణాలు చూపదు. మోతాదు మితిమీరితే మాత్రం వేరే గుణం బయటపడుతుంది. ఆపరేషన్ థియేటర్లో వాడే కెటమిన్ మెదడులో ఏ గ్రాహకాలను మూస్తుందో, ఇదీ వాటినే మూస్తుంది. అప్పుడు నడక తూలుతుంది, చూపు ఒకచోట నిలవదు, తాను తన ఒంట్లో లేనట్టు, ఎక్కడో తేలుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే పెద్దవాళ్లు రోజుకు 120 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టారు.

ఆ హద్దు లోపల తాగినా కొందరికి హద్దు దాటినంత పని చేస్తుంది. దానికి కారణం కాలేయంలోని ఒక ఎంజైము. పేరు సీవైపీ2డీ6. డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను మార్చేసి బయటికి పంపే పనిలో సింహభాగం దీనిదే. ఇది ఎంత చురుకైనదంటే, తాగిన మందులో చాలా భాగం రక్తంలో తిరగకముందే కాలేయంలోనే మారిపోతుంది. మిగిలినదీ మూడు నాలుగు గంటల్లో సగానికి పడిపోతుంది. ఈ మందు పెద్దగా హాని చెయ్యదన్న పేరు ఈ ఎంజైము పుణ్యమే. వందలో కొద్దిమందికి ఇది పుట్టుకతోనే సరిగ్గా పని చెయ్యదు. వాళ్లను గుర్తించడానికి పరిశోధకులు వాడే పద్ధతి కూడా దగ్గుమందే. ఒక మోతాదు ఇచ్చి, కొన్ని గంటల మూత్రం పట్టి, అందులో మారిన మందెంత, మారకుండా వచ్చిన మందెంత అని లెక్క కడతారు.

పుట్టుకతో వచ్చిన ఆ లోపాన్ని మందులతో కూడా తెచ్చిపెట్టుకోవచ్చు. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే పరోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్ ఈ ఎంజైమును గట్టిగా అణచివేస్తాయి. డులోక్సెటిన్ ఓ మోస్తరుగా అణుస్తుంది. ఎస్సిటలోప్రామ్, తక్కువ మోతాదులో సెర్‌ట్రలిన్ అంతగా అడ్డురావు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆందోళనకు పరోక్సెటిన్ వాడుతున్న ఒక మనిషికి పొడి దగ్గు పట్టుకుంది అనుకోండి. సీసా మీద ఉన్నట్టే, మూతతో కొలుచుకుని, ఎనిమిది గంటలకొకసారి 10 మిల్లీలీటర్లు తాగుతున్నాడు. అంటే ప్రతిసారీ 20 మిల్లీగ్రాములు, రోజుకు 60, హద్దులో సగం. ఎంజైము బాగా పనిచేసేవాళ్లలో తర్వాతి మోతాదు వేళకు మునుపటిది నాలుగో వంతుకు మించి మిగలదు. కానీ ఇతని ఎంజైము మూతపడి ఉంది. మందు సగానికి తగ్గడానికి 20 గంటలు పడుతోంది అనుకుందాం. ఎనిమిది గంటల తర్వాత 15 మిగిలే ఉంటుంది. దాని మీద ఇంకో 20 పడితే 35. మళ్లీ ఎనిమిది గంటలకు అది 27కు తగ్గితే, పైన 20 చేరి 47. ఇలా మూడో రోజు ఆఖరి మోతాదు వేసుకునేసరికి ఒంట్లో 75 దాకా చేరుతుంది. పైగా ఇతని మందు కాలేయం దగ్గర ముందే మారిపోవడం కూడా తగ్గింది కాబట్టి అసలు తేడా ఈ అంకెలు చెప్పేదానికన్నా పెద్దదే. ఈ లెక్కలోని కీలకం రోజులు. మొదటి రోజు ఏమీ కాదు. "నిన్న తాగాను, బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. తల తిరగడం, తూలడం, మాట తడబడటం రెండో రోజో మూడో రోజో మొదలవుతాయి. అప్పటికి అనుమానం జ్వరం మీదికో, నీరసం మీదికో పోతుంది. ఫ్లూఆక్సెటిన్ వాడుతూ ఈ మందు తాగిన ఒక రోగికి లేనివి కనపడిన కేసు 1992లోనే అమెరికా మానసిక వైద్య పత్రికలో అచ్చయింది.

తమాషా ఏమిటంటే, దగ్గుమందుతో వచ్చే ఈ చిక్కునే తర్వాత మందుగా మార్చారు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ 45 మిల్లీగ్రాములు, దాన్ని కాలేయం తినెయ్యకుండా ఆపడానికి బుప్రోపియాన్ 105 మిల్లీగ్రాములు కలిపిన మాత్రను 2022లో అమెరికా డిప్రెషన్ చికిత్సకు అనుమతించింది. అక్కడ డాక్టరు కొలిచి ఇస్తాడు. సిగరెట్ మానడానికి బుప్రోపియాన్ వాడుతున్న మనిషి దగ్గు వస్తోందని సిరప్ తాగినప్పుడు ఆ జంట అతని ఒంట్లో ఎవరూ కొలవకుండానే తయారవుతుంది.

మందు పేరుకుపోవడం ఒక ఎత్తు, సెరటోనిన్ ఇంకో ఎత్తు. చాలా డిప్రెషన్ మందులు మెదడులో సెరటోనిన్‌ను పెంచి పనిచేస్తాయి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా కొంచెం అదే పని చేస్తుంది. రెండూ కలిసి శ్రుతి మించితే వచ్చేది సెరటోనిన్ సిండ్రోమ్. మామూలు మోతాదులో తాగినవాళ్లలో ఎక్కువమందికి ఇది రాదు, ఆ మాట ముందే చెప్పాలి. వచ్చినప్పుడు మాత్రం దాన్ని మత్తుగా పొరబడకూడదు, ఎందుకంటే లక్షణాలు దాదాపు తలకిందులుగా ఉంటాయి. క్లోర్‌ఫెనిరమిన్ మత్తులో మనిషి జోగుతాడు, నోరు ఎండిపోతుంది, చర్మం పొడిగా ఉంటుంది. సెరటోనిన్ ఎక్కువైన మనిషి కుదురుగా కూర్చోలేడు. చెమటతో తడిసిపోతాడు, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, విరేచనాలు పట్టుకోవచ్చు. పాదాన్ని పైకి నొక్కి పట్టుకుంటే మడమ దగ్గర టకటకా తనంతట తానే కొట్టుకోవడాన్ని డాక్టర్లు పెద్ద గుర్తుగా తీసుకుంటారు. మోతాదు పెరిగిన కొన్ని గంటల్లోనే, చాలావరకు ఒక రోజు లోపే ఇది బయటపడుతుంది. జ్వరం కూడా రావచ్చు, కానీ అది కండరాలు బిగుసుకోవడం వల్ల పుట్టే వేడి, పారాసెటమాల్‌కు దిగదు. ఇంట్లో కూర్చుని చూసే జబ్బు కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సీసానూ మాత్రల అట్టలనూ వెంట తీసుకెళ్లాలి. అక్కడ ఇచ్చే మందుల్లో ఒకటి సైప్రోహెప్టడిన్. మన ఇళ్లలో పిల్లలకు ఆకలి పుట్టడానికని పట్టించే సిరప్‌లో ఉండేదీ అదే.

తాము వాడేది డిప్రెషన్ మందని తెలియనివాళ్లు కూడా ఉంటారు. షుగరు వల్ల అరికాళ్లలో మంటలకు ఇచ్చే డులోక్సెటిన్ ఆ జాతిదే. తలనొప్పికో నిద్రకో ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా అంతే, దానికి సొంతంగానే మత్తు ఎక్కువ. "నాకు మానసిక సమస్యలేం లేవు" అని వీళ్లు నిజాయితీగానే చెబుతారు. కాబట్టి జబ్బు పేరు కాకుండా మాత్ర అట్టనే చూపించడం మేలు.

అసలు కలపనే కూడదని గట్టిగా చెప్పే మందులు ఇంకో గుంపు. సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమునే ఆపేసేవి. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే సెలెజిలిన్, రసాజిలిన్ ఈ గుంపువే. ఇవి ఆపిన తర్వాత కూడా 14 రోజులు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ జోలికి పోకూడదు. ఎక్కువమంది ఊహించనిది లినెజోలిడ్. అది యాంటీబయాటిక్ అయినా ఇదే గుణం ఉంది. మొండి క్షయకు ఇప్పుడు మన దేశంలో ఇస్తున్న ఆరు నెలల చికిత్సలో అదొక భాగం. క్షయ రోగికి దగ్గు ఉంటుంది, దగ్గుకు పక్క వీధిలో సిరప్ దొరుకుతుంది. ఈ కలయిక మీద నాకున్న భయం మిగతావాటన్నిటికన్నా ఎక్కువ.

మద్యం సంగతికి వస్తే, "మందు మీద మందు" అని నవ్వుకునేవాళ్లున్నారు గానీ ఇక్కడ మూడు మత్తులు కలుస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ మెదడును జోకొడుతుంది. మద్యం జోకొట్టడమే కాక, పైన కెటమిన్ దగ్గర చెప్పుకున్న గ్రాహకాలనూ కొంత అణుస్తుంది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మూసేదీ వాటినే. దాంతో రెండు పెగ్గులకు తూలనివాడు ఒక్కదానికే తూలతాడు. ప్రమాదం తూలడంతో ఆగదు. గాఢ నిద్రలో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది దగ్గే, ఆ దగ్గును ఆపడానికే కదా సిరప్ తాగింది. రాత్రి సిరప్ తాగి, మర్నాడు సాయంత్రం పార్టీకి వెళ్లినా క్లోర్‌ఫెనిరమిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో ఆల్కహాలే కలిపి ఉంటుంది, అదీ లేబుల్ మీద చూసుకోవాలి.

ఇదంతా చదివి డిప్రెషన్ మాత్ర మానేసి దగ్గుమందు తాగుదామనుకుంటే అసలుకే మోసం. పరోక్సెటిన్ ఒక్కసారిగా ఆపితే దానివల్లే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఫ్లూఆక్సెటిన్ ప్రభావమైతే ఆపిన తర్వాత కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, రెండు రోజులు మానినా ప్రయోజనం లేదు. మానుకోగలిగింది సిరప్‌నే. జలుబు తర్వాత వచ్చే పొడి దగ్గుకు ఈ మందు చేసే మేలు కూడా పరిశోధనల్లో అంత గొప్పగా తేలలేదు. గొంతు గరగరకు తేనె, వేడినీళ్లు, ఉప్పునీళ్ల పుక్కిలింత చాలాసార్లు సరిపోతాయి. మూడు వారాలు దాటిన దగ్గుకు, రక్తం పడే దగ్గుకు, ఆయాసంతో వచ్చే దగ్గుకు ఎలాగూ సిరప్ జవాబు కాదు. సిరప్ తప్పదంటే, మాత్రల పేర్లు చీటీ మీద రాసి షాపతని చేతికివ్వండి. నలుగురిలో నోరు విప్పి చెప్పాల్సిన పని తప్పుతుంది.