అర్జీ కాదు, ప్రశ్న: ఇరవై నిమిషాల మాట కోసం ఒక మెయిల్

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడితే ఒకవైపు ఏలూరు, ఒకవైపు గుంటూరు, ఒకవైపు బందరు, ఇంకోవైపు హైదరాబాద్ వెళ్లే దారులు కనిపిస్తాయి. ఏది ఎటు పోతుందో బోర్డు చూస్తే తెలుస్తుంది. బీటెక్ పట్టా చేతికొచ్చిన పిల్లలకు ఉద్యోగాల దారులు చూపే బోర్డులు మాత్రం కోచింగ్ సెంటర్లవే. నాలుగు నెలల కోర్సు, గ్యారంటీ ప్లేస్‌మెంట్, ముందు ఫీజు కట్టండి అంటాయి. ఆ కోర్సు చేసినవాళ్లను కంపెనీలు నిజంగా తీసుకుంటున్నాయా అన్నది బోర్డు మీద ఉండదు. ఆ సంగతి కంపెనీ లోపల పనిచేసేవాళ్లకు తెలుసు.

కొన్ని ఇళ్లలో ఈ సమాచారం అన్నం తింటుండగానే దొరుకుతుంది. బాబాయి సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, మేనత్త కూతురు బ్యాంకులో ఉంటుంది. మన పేటల్లో చదువుకున్న మొదటి తరానికి ఆ బాబాయి లేడు. కాబట్టి తెలియని మనిషిని అడగాలి. అందుకు పనికొచ్చే సాధనం ఒక చిన్న మెయిల్. అందులో ఉద్యోగం అడగం. ఆ పని చేస్తున్న మనిషితో ఇరవై నిమిషాలు మాట్లాడే అవకాశం అడుగుతాం. అయితే మనలో చాలామంది దాన్ని అర్జీలా రాస్తారు. దెబ్బతినేది అక్కడే.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కృష్ణా జిల్లాలో ఒక ఊరు, తండ్రి వ్యవసాయ కూలీ. 2025లో బీటెక్ పూర్తిచేసి బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్‌లో ఉంటోంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాలా వద్దా అన్నది ఆమె సమస్య. ఆమె మొదట రాసే మెయిల్ ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన సర్ గారికి, నేను పేద కుటుంబం నుంచి వచ్చాను. బీటెక్ పూర్తిచేశాను. ఏ ఉద్యోగమైనా చేయగలను. దయచేసి మీ కంపెనీలో అవకాశం ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను. రెజ్యూమె జతచేశాను."

ఇది ఆమె తప్పు కాదు. బడిలో సెలవు చీటీ, ఆఫీసులో దరఖాస్తు ఇలాగే రాయమని మనకు నేర్పారు. కానీ అవతలి మనిషి వైపు నుంచి చూడండి. ఉద్యోగం ఇచ్చే అధికారం అతనికి లేదు. కాబట్టి అతను చెప్పగల జవాబు "లేదు" ఒక్కటే. అది చెప్పడం ఇబ్బంది కనుక ఊరుకుంటాడు. పేదరికం చెప్పుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. అయితే ఆ వాక్యానికి అతని దగ్గర జవాబు లేదు. "ఏ ఉద్యోగమైనా" అన్న మాట అంతకన్నా నష్టం. ఏం చెబితే ఆమెకు ఉపయోగమో అతనికి తెలియకుండా పోతుంది.

ముందు ఎవరికి రాయాలో తేల్చుకోవాలి. కంపెనీ పెద్దకు రాయడం దండగ. అదే పనిలో మూడు నుంచి ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు సరైనవాళ్లు. తాము ఎలా చేరారో వాళ్లకింకా గుర్తుంటుంది, మెయిళ్ల రద్దీ కూడా తక్కువ. కాలేజీ పూర్వ విద్యార్థుల జాబితాలో, లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరుతో వెతికితే అలాంటి సీనియర్లు దొరుకుతారు. తర్వాత మెయిల్. సాధారణంగా ఇంగ్లీషులోనే వెళ్తుంది, సారాంశం ఇలా ఉండాలి:

"విషయం: టెస్టింగ్ పని గురించి 20 నిమిషాలు – మన కాలేజీ 2025 బ్యాచ్

నమస్తే మేడమ్. నేను మన కాలేజీలో 2025లో సీఎస్‌ఈ పూర్తిచేశాను. మీరు నాలుగేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నారని మీ ప్రొఫైల్‌లో చూశాను. నేను నాలుగు నెలల మాన్యువల్ టెస్టింగ్ కోర్సులో చేరాలా, సొంతంగా ఆటోమేషన్ నేర్చుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఈ మధ్య మీ టీమ్‌లోకి ఫ్రెషర్లు ఏ దారిలో వచ్చారో తెలుసుకోవాలని ఉంది. వచ్చే బుధవారం గానీ శనివారం గానీ సాయంత్రం ఏడు తర్వాత 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? ఉద్యోగం కోసం అడగడం లేదు. వీలుకాకపోతే ఒక్క వాక్యంలో జవాబిచ్చినా చాలు."

ఇందులో ఆమె ఎవరో, ఆ మేడమ్‌నే ఎందుకు అడుగుతోందో, ఏం తెలుసుకోవాలో, ఎంత సమయం కావాలో ఉన్నాయి. రెజ్యూమె జతచేయలేదు. చేస్తే "ఉద్యోగం అడగడం లేదు" అన్న మాట అబద్ధమవుతుంది. వారం దాకా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒకసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకరికి రాయాలి. చాలామంది జవాబివ్వరు. అందుకే ఒక్కరి మీద ఆశ పెట్టుకోకుండా ఎనిమిది పదిమందికి, ప్రతి ఒక్కరికీ విడిగా రాయాలి.

ఫోన్ కలిశాక సలహా అడగడం కన్నా జరిగిన సంగతులు అడగడం మేలు. "నేనేం చేయాలి?" అంటే "కష్టపడమ్మా" అంటారు. "మీ టీమ్‌లో కిందటేడు చేరిన ఫ్రెషర్లు క్యాంపస్ నుంచి వచ్చారా, రిఫరల్‌తోనా, ట్రెయినింగ్ సంస్థ ద్వారానా?" అంటే వాస్తవం బయటికొస్తుంది. ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఆ కోర్సు పేరే వినలేదంటే ఫీజు కట్టేముందే విషయం తేలిపోయినట్టు. బాండ్ ఉంటుందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటారా అన్నది కూడా ఇక్కడే అడగాలి. చివరి ప్రశ్న: "ఇంకెవరితో మాట్లాడమంటారు?" లేని బాబాయి స్థానంలో నలుగురు పరిచయస్తులు ఏర్పడేది ఆ ప్రశ్నతోనే. రిఫరల్ ఇస్తానని వాళ్లే అంటే తీసుకోవాలి, అప్పుడు రెజ్యూమె పంపాలి. ఉద్యోగానికి డబ్బవుతుందని అవతలివాళ్లు అంటే మాట అక్కడితో ఆపేయాలి.

ఇక మనకు తెలిసిన ఆ ప్రశ్న. మాటల మధ్యలో "ఇంటిపేరేంటి? ఊళ్లో ఎక్కడ? మనవాళ్లేనా?" అని రావచ్చు. మెయిల్‌లో కులం రాయాల్సిన పనిలేదు, దాచి అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు. చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. లేదంటే ఊరు పేరు చెప్పి, వెంటనే మీ తర్వాతి ప్రశ్న అడగొచ్చు. ఆ తర్వాత అవతలి గొంతు మారితే అది కూడా సమాచారమే. ఆ మనిషి దగ్గర రిఫరల్ కోసం ఎదురుచూడకండి. అంబేడ్కరైట్ ఉద్యోగ సంఘాల్లో, మన హాస్టళ్ల సీనియర్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లుంటారు. మొదటి రెండు మెయిళ్లు వాళ్లకు రాస్తే మాట్లాడే అలవాటు కూడా అవుతుంది.

మెయిల్ ఎంత బాగా రాసినా దాని హద్దు దానిది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనం కోసం, సమాన అర్హతలతో పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే అని తేలింది. వడపోసే చోట జరిగే ఆ వివక్షను ఇరవై నిమిషాల ఫోన్ మాట ఆపలేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల కోసం, వివక్ష వ్యతిరేక చట్టం కోసం పోరాటం వేరే జరగాల్సిందే.

ఈ మెయిల్ చేసే పని చిన్నది. మన అమ్మాయి మాట్లాడిన సీనియర్లు ముగ్గురూ ఆటోమేషన్ వైపే చూపారనుకోండి. తండ్రి అప్పుచేసి తేబోయే కోర్సు ఫీజు మిగులుతుంది. ఆ సాయంత్రమే ఆమె ముగ్గురికీ తాను ఏం నిర్ణయించుకుందో రెండు వాక్యాల్లో రాసి పంపాలి. మూణ్ణెల్ల తర్వాత నేర్చుకున్నది చూపిస్తూ మళ్లీ రాస్తే, అప్పుడు ఆమె తెలియని మనిషి కాదు.