వాట్సప్ వస్తుంది, వెబ్ పేజీ రాదు

పాత ఫోన్‌లో బ్రౌజర్ మొరాయిస్తే మనం ముందుగా సిగ్నల్‌ను అనుమానిస్తాం. డేటా ఆపి మళ్లీ ఆన్ చేస్తాం, ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్తాం, కొత్త రీచార్జ్ కూడా వేయిస్తాం. అదే ఫోన్‌లో వాట్సప్ మెసేజ్‌లు వస్తూ, వీడియోలు ఆడుతూ ఉంటే తప్పు నెట్‌ది కాదు. ఫోన్ లోపలే ఎక్కడో ముడి పడి ఉంది.

హనుమకొండలో మా ఇంటి దగ్గర కుట్టుపని చేసే ఒకావిడ ఫోన్ సంగతి చెబుతాను. 2017లో కొన్న ఫోన్, ఆండ్రాయిడ్ 7.0, స్టోరేజీ 16 జీబీ. "నిన్ననే ప్యాక్ వేయించాను అన్నా. అన్నీ వస్తున్నాయి, పాప కాలేజీ పేజీ ఒక్కటే రావట్లేదు" అంది. ఆ పేజీ తెరిస్తే NET::ERR_CERT_AUTHORITY_INVALID అని వస్తోంది. ఇంకో సైట్ తెరిస్తే పైన పేరు కనబడుతుంది, కింద అంతా తెల్లగా ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు రోగాల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒక్కటే. బ్రౌజర్ మరీ పాతది.

ఎంత పాతదో తెలుసుకోవడం తేలిక. క్రోమ్‌లో అడ్రసు రాసే చోట ఇలా టైప్ చేస్తే చాలు, నెట్ కూడా అక్కర్లేదు:

```
chrome://version
```

పైన వచ్చే పెద్ద అంకెల వరసలో మొదటిదే వెర్షన్. ఈ ఫోన్‌లో అది 59. అంటే 2017 నాటి బ్రౌజర్. ఏళ్ల తరబడి వాడుతున్న ఫోన్‌లో క్రోమ్ అక్కడే ఎలా ఆగిపోయింది? అడిగితే అసలు విషయం బయటపడింది. స్టోరేజీ నిండిపోయిందని ఫోన్ గోల పెడుతుంటే, ఎవరో సెట్టింగ్స్‌లో క్రోమ్ పేజీకి వెళ్లి Uninstall updates నొక్కారట. జాగా కొంత వచ్చింది, గోల ఆగింది.

పాత ఫోన్లలో చాలామంది పడే గొయ్యి ఇదే. ఫోన్‌తో పాటు వచ్చిన క్రోమ్ సిస్టమ్ భాగంలో ఉంటుంది, దాన్ని తీసేయడం కుదరదు. తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్ మన ఫొటోలూ పాటలూ ఉండే భాగంలో విడిగా కూర్చుంటుంది. ఆ బటన్ నొక్కితే విడిగా ఉన్నది పోయి, ఫ్యాక్టరీలో పెట్టిన మొదటి కాపీ మళ్లీ పైకి వస్తుంది. మిగిలిన జాగా కొద్ది రోజుల్లోనే ఫొటోలతో నిండుతుంది. ఇక కొత్త క్రోమ్ దిగడానికి చోటుండదు. స్టోరేజీ నిండినందుకు అప్‌డేట్ రాదు, అప్‌డేట్ లేనందుకు పేజీ రాదు.

పాత బ్రౌజర్‌కు పేజీ ఎందుకు రాదో కూడా చూద్దాం. అడ్రసులో https ఉన్న ప్రతి సైటూ తాను అసలైనదేనని చూపే ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని జారీ చేసిన సంస్థ నమ్మదగినదేనా అని బ్రౌజర్ తన దగ్గరున్న జాబితాలో వెతుకుతుంది. పాత క్రోమ్‌కు సొంత జాబితా లేదు, ఫోన్‌లో ఉన్నదే చూస్తుంది. ఎన్నో సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్ ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్ల జాబితాలోకి ఎక్కింది. అంతకన్నా పాత ఫోన్ల కోసం ఆ సంస్థ కొంతకాలం వేరే ఏర్పాటు నడిపి, 2024లో ఆపేసింది. ఆవిడ ఫోన్ 7.0. ఆ కాస్త తేడాకే తలుపు మూసుకుపోయింది.

తెల్లటి పేజీ సంగతి వేరు. ఇప్పటి సైట్లు చాలావరకు జావాస్క్రిప్ట్ మీద నడుస్తాయి. ఆ భాషలో కొత్త గుర్తులు వస్తూనే ఉంటాయి. ఉదాహరణకు `?.` అనే చిన్న గుర్తు క్రోమ్‌కు 2020లో వచ్చిన 80వ వెర్షన్ నుంచే అర్థమవుతుంది. 59కి అది తప్పుడు రాత. ఒక్క గుర్తు అర్థం కాకపోతే ఆ చోటు వదిలేసి ముందుకు పోదు, ఆ ఫైలు మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. పేజీని గీసే పని ఆ ఫైలుదే అయితే మనకు కనబడేది తెలుపు మాత్రమే.

కాబట్టి ముందు జాగా చేయాలి. ఆ ఫోన్‌లో మిగిలింది 210 ఎంబీ. ఖాళీ జాగా 500 ఎంబీకి అటూ ఇటూ దిగేసరికే ఆండ్రాయిడ్ హెచ్చరిక చూపిస్తుంది, యాప్‌లు దాచుకున్న తాత్కాలిక ఫైళ్లను తనంతట తానే తీసేయడం మొదలుపెడుతుంది. పాత ఫోన్లలో పేజీలు ప్రతిసారీ మొదటి నుంచి దిగుతూ నత్తనడక నడవడానికి ఇదీ ఒక కారణం. క్రోమ్ అప్‌డేట్‌కు కనబడే సైజు కన్నా ఎక్కువ జాగా కావాలి. దిగిన ఫైలుకు చోటుండాలి, దాన్ని విప్పి అమర్చడానికి మరికొంత కావాలి. అందుకే ఒక జీబీ దాకా ఖాళీ చేసుకుని మొదలుపెట్టడం మంచిది.

Clear cache నొక్కితే వచ్చేది కొంచెమే, నాలుగు రోజుల్లో మళ్లీ నిండుతుంది. దాని పక్కనుండే Clear data మాత్రం ముట్టుకోవద్దు. గూగుల్ ఖాతాతో సింక్ చేయకపోతే, క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు అన్నీ పోతాయి.

అసలు జాగా వాట్సప్ ఫోల్డర్‌లో దొరికింది. ఫైల్ మేనేజర్‌లో WhatsApp, Media, WhatsApp Video వరసగా తెరిస్తే లోపల Sent అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. మనం పంపిన వీడియోల కాపీలు అందులో పేరుకుంటాయి, గ్యాలరీలో కనబడవు. ఆవిడ జాకెట్ డిజైన్ల వీడియోలు రోజూ కస్టమర్లకు పంపుతుంది. అక్కడే 1.4 జీబీ ఉంది. కావలసినవి రెండు మూడు కూతురి ఫోన్‌లోకి పంపి మిగతావి తీసేశాం. పక్కనే ఉన్న Databases ఫోల్డర్‌లో వాట్సప్ రోజువారీ చేసుకున్న బ్యాకప్‌లు వారం రోజులవి ఉన్నాయి. పేరులో తేదీ ఉన్నవి పాతవి, వాటిని తీయొచ్చు. తేదీ లేకుండా msgstore.db అని మొదలయ్యేది తాజాది, దాన్ని ఉంచాలి.

ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, తేదీ సరిగా ఉందో లేదో చూశాం. తేదీ తప్పితే కొత్త బ్రౌజరైనా NET::ERR_CERT_DATE_INVALID అంటుంది. తర్వాత ప్లే స్టోర్‌లో క్రోమ్ తెరిచి Update నొక్కితే ఈసారి దిగింది. మళ్లీ వెర్షన్ చూస్తే 119. కాలేజీ పేజీ తెరుచుకుంది, తెల్లగా మిగిలిన రెండో సైట్ కూడా నిండుగా వచ్చింది. కొత్త క్రోమ్ నమ్మదగిన సంస్థల జాబితాను తనతోనే తెచ్చుకుంటుంది కనుక, ఫోన్‌లోని పాత జాబితాతో ఇక పని లేదు. ఆండ్రాయిడ్ 7, 8, 9 ఫోన్లలో ఇంకో లాభం ఉంది. ఇతర యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీలను చూపించేది కూడా క్రోమే. అది మారితే అవీ బాగుపడతాయి.

అయితే 119 దగ్గరే ఈ ఫోన్ ప్రయాణం ఆగుతుంది. ఆండ్రాయిడ్ 7కు గూగుల్ ఇచ్చిన చివరి క్రోమ్ అదే, 2023 నాటిది. ఆండ్రాయిడ్ 6కు 106, ఆండ్రాయిడ్ 5కు 95 చివరివి. ఆండ్రాయిడ్ 8, 9 వాళ్లకు 2025లో 138తో ముగిసింది. ఆపైన ఎంత జాగా చేసినా ప్లే స్టోర్‌లో Update బటన్ కనబడదు. ఏదో సైట్ నుంచి కొత్త క్రోమ్ ఫైలు తెచ్చి ఎక్కించబోతే, ఫోన్ దాన్ని తీసుకోదు. తీసుకుందంటే అది అసలు క్రోమ్ కాదేమోనని భయపడాలి. ఆండ్రాయిడ్ 5, 6 ఫోన్లలో సర్టిఫికెట్ తప్పు ఇంకా వేధిస్తుంటే, ప్లే స్టోర్ ఆ ఫోన్‌కు ఇచ్చే చివరి ఫైర్‌ఫాక్స్ వేసి చూడొచ్చు. దానికి మొదటి నుంచీ సొంత జాబితా ఉంది.

చివరి వెర్షన్ దాటాక బయటపడే భద్రతా లోపాలకు ఆ ఫోన్‌కు మరమ్మతు రాదు. అందుకే ఆవిడకు ఒకటే చెప్పాను. నోటీసులు, రిజల్టులు, డిజైన్లు చూసుకోవడానికి ఈ ఫోన్ బ్రౌజర్ వాడుకో, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టాల్సిన పని ఏదున్నా కూతురి ఫోన్‌లో చేయించుకో.