ఓటీపీ దగ్గర ఆగిపోయినవాళ్లు

ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పే ఒక సైటు ఉందనుకుందాం. నెలలో 1,000 మంది సైనప్ పేజీ తెరిచారు, ఖాతా తెరిచింది 170 మంది. మిగతా 830 మంది ఎక్కడ ఆగిపోయారు? పేజీని ఎంతమంది చూశారన్న లెక్క దీనికి జవాబు చెప్పదు. పేరు రాయడం, ఫోన్ నంబరు ఇవ్వడం, ఓటీపీ కొట్టడం చాలా సైట్లలో ఒకే పేజీలో అయిపోతాయి. పేజీ మారనప్పుడు లోపల ఏం జరుగుతోందో అనలిటిక్స్‌కు పూర్తిగా తెలియదు, మనమే కబురు పంపాలి. అలా పంపే ఒక్కో కబురు ఒక ఈవెంట్.

గూగుల్ అనలిటిక్స్ 4లో ఈ పనికి నాలుగు ఈవెంట్లు చాలు. పేజీ తెరుచుకోగానే `signup_view`, మొదటి గడిలో రాయడం మొదలుపెట్టగానే `signup_start`, ఓటీపీ అడిగినప్పుడు `otp_request`, ఖాతా తయారయ్యాక `sign_up`. ఈ చివరి పేరు గూగుల్ సూచించినదే, మొదటి మూడూ మనం పెట్టుకున్నవి. ఏ పేరు పెట్టినా అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా రాయాలి. `Sign_Up` అని రాస్తే అది వేరే ఈవెంట్ అయిపోతుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది ఆ చివరి ఈవెంట్ దగ్గరే. ‘ఖాతా తెరువు’ బటన్ నొక్కగానే `sign_up` వెళ్లేలా పెట్టేస్తారు. అప్పుడు తప్పు ఓటీపీ కొట్టినవాళ్లు, నెట్ ఆగిపోయినవాళ్లు కూడా చేరిపోయినట్టే లెక్కకొస్తారు. ఖాతా తయారైందని సర్వర్ నుంచి జవాబు వచ్చాకే ఆ ఈవెంట్ పంపాలి. సరిగ్గా పెట్టామో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. డేటాబేసులో ఆ నెల తెరిచిన ఖాతాలు లెక్కపెట్టి, అనలిటిక్స్ చూపిన సంఖ్యతో పోల్చండి. అనలిటిక్స్‌లో కాస్త తక్కువ ఉండడం మామూలే, యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్లు అందులో కనిపించకపోవచ్చు. ఎక్కువ ఉంటే మాత్రం ఈవెంట్ ముందే వెళ్లిపోతోందని అనుమానించాలి.

ఇప్పుడు ఫనెల్ ఎక్స్‌ప్లొరేషన్ తెరిచి ఈ నాలుగింటినీ వరుసగా పెడితే మన సైటు లెక్క ఇలా వచ్చిందనుకుందాం: 1,000, 640, 420, 170. మొదటి 360 మంది ఫారం ముట్టుకోనేలేదు. వాళ్లు ఫీజు ఎంతో చూసిపోదామని వచ్చి ఉండొచ్చు, నేనైతే వాళ్ల గురించి ముందు ఆలోచించను. ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కూడా అడిగి, ఆ తర్వాత ఆగిపోయిన 250 మంది సంగతి అలాంటిది కాదు. వాళ్లు చేరదామనే వచ్చారు.

ఎక్కడ ఆగారో ఫనెల్ చెప్పింది కానీ ఎందుకు ఆగారో చెప్పలేదు. అందుకు ఇంకో రెండు ఈవెంట్లు కావాలి. ‘మళ్లీ పంపు’ నొక్కితే `otp_resend`, ఓటీపీ చెల్లకపోతే కారణంతో సహా `otp_error`:

```js
gtag('event', 'otp_error', {
  otp_reason: 'mismatch'
});
```

`otp_reason`ను అదే రోజు కస్టమ్ డైమెన్షన్‌గా నమోదు చేయాలి. నమోదుకు ముందు జరిగినవాటి కారణాలు తర్వాత రిపోర్టులో కనిపించవు. ఫోన్ నంబరును మాత్రం ఏ ఈవెంట్‌లోనూ పంపకూడదు, గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు.

మరుసటి నెలా దాదాపు అంతేమంది ఆగిపోయారనీ, వాళ్లలో 160 మందికి `otp_error` వచ్చిందనీ అనుకుందాం. చాలామందికి దానికి ముందు `otp_resend` ఉంది, కారణం `mismatch`. ఇది చూశాక ఫోన్ తీసుకుని మనమే ఒకసారి చేరి చూడాలి. నంబరు ఇచ్చాం. అరనిమిషం దాటినా మెసేజ్ రాలేదు. ‘మళ్లీ పంపు’ నొక్కాం. అంతలో ఫోన్ మోగింది, ఆరంకెలు కొట్టాం. ‘తప్పు ఓటీపీ’ అంది. ఆలస్యంగా వచ్చింది మొదటి మెసేజ్. రెండోది పంపేటప్పుడు సర్వర్ మొదటి ఓటీపీని రద్దు చేసేసింది. వచ్చిన అంకెలు వచ్చినట్టే కొట్టిన మనిషికి తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇంకోసారి ప్రయత్నించి వెళ్లిపోతాడు.

దీనికి మందు చిన్నదే. గడువు తీరేదాకా, ‘మళ్లీ పంపు’ నొక్కితే అదే ఓటీపీని తిరిగి పంపాలి. ఎన్నిసార్లు తప్పు కొట్టవచ్చో మాత్రం పరిమితి పెట్టాలి. మార్చిన తేదీ రాసి పెట్టుకుని, ముందు నాలుగు వారాలనూ తర్వాతి నాలుగు వారాలనూ అదే ఫనెల్‌లో పోల్చాలి. ఎక్స్‌ప్లొరేషన్లకు ఈవెంట్ల డేటా మామూలుగా 2 నెలలే దొరుకుతుంది. పోయిన పరీక్షల సీజన్‌తో పోల్చాలనుకుంటే సెట్టింగుల్లో దాన్ని ముందే 14 నెలలకు మార్చుకోవాలి.

ఇంకా 90 మంది మిగిలారు. వాళ్ల దగ్గర నుంచి `otp_error` కూడా లేదు. ఓటీపీ అడిగారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. మెసేజ్ అసలు చేరిందో లేదో బ్రౌజర్‌కు తెలియదు కాబట్టి అనలిటిక్స్‌కూ తెలియదు. వాళ్ల కోసం ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థ ఇచ్చే డెలివరీ రిపోర్టు తెరిచి, మెసేజ్ చేరని నంబర్లు ఎన్నో చూడాలి.